ఆటలాడే పిల్లలకు పౌడర్ డబ్బా కొనే ముందు ఏం చేయాలి?

పదో తరగతో ఇంటరో చదువుతూ కబడ్డీ, పరుగు, కుస్తీ, బ్యాడ్మింటన్ లాంటివి గట్టిగా ఆడే పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఒకటుంది. "నాన్నా, టీంలో అందరూ పౌడర్ వేసుకుంటున్నారు, నాకూ ఒక డబ్బా కొనిపెట్టు." కొందరు తల్లిదండ్రులు అది స్టెరాయిడ్ అనుకుని భయపడి కసురుకుంటారు. కొందరు పిల్లాడు వెనకబడిపోతాడని వెంటనే కొనేస్తారు. రెండూ చేయకండి. ఓ వారం గడువు అడిగి, ముందు ఇంట్లో తిండి సంగతి తేల్చండి. ప్రాక్టీస్ పెరిగినా తిండి పెరగకపోవడం, తిన్నదైనా సరైన వేళకు అందకపోవడం చాలామంది పిల్లల్లో అసలు లోటు. అది తీరకుండా డబ్బా కొనిచ్చినా ఉపయోగం తక్కువ.

మొదటి పని: మూడు రోజులు తిన్నదంతా రాయండి

రెండు బడి రోజులు, ఒక ఆదివారం తీసుకోండి. ఏ టైముకి ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ప్రాక్టీస్ ఎప్పుడు, నిద్ర ఎన్ని గంటలు అన్నీ పిల్లాడి చేతే రాయించండి. మీరు పక్కన కూర్చుని తప్పులు పడితే నిజం రాయడు. బయట తిన్న చిప్స్, పునుగులతో సహా రాయమనండి.

ఒక ఉదాహరణ చూద్దాం. పదిహేనేళ్ల అబ్బాయి, బరువు 50 కిలోలు, కబడ్డీ ఆడతాడు. పొద్దున ఐదున్నరకు ఒక టీ, నాలుగు బిస్కెట్లు తీసుకుని గ్రౌండ్‌కి వెళ్తాడు. ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం బాక్సులో అన్నం, బంగాళాదుంప వేపుడు. సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ ప్రాక్టీస్, దానికి ముందు ఏమీ ఉండదు. వచ్చేటప్పుడు ఒక చిప్స్ ప్యాకెట్. రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం, కప్పు పప్పు, చిన్న కప్పు పెరుగు.

ఇందులో ప్రొటీన్ ఎంతో లెక్క వేద్దాం. టీ, బిస్కెట్లకు 3 గ్రాములు, ఇడ్లీలకు, చట్నీకి 7, మధ్యాహ్నానికి 10, చిప్స్‌కి 2, రాత్రి భోజనానికి 18. మొత్తం సుమారు 40 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఈ వయసు మగపిల్లలకు రోజుకు సుమారు 45 గ్రాములు కావాలంటోంది. అది మామూలు పిల్లలకు. రోజుకు రెండు పూటలా ఆడేవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.8 గ్రాముల దాకా అవసరం ఉంటుంది. 1.4 చొప్పున చూసినా 50 కిలోలకు 70 గ్రాములు. అంటే 30 గ్రాముల లోటు.

అయితే ప్రొటీన్ లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. పొద్దున రెండు గంటల ప్రాక్టీస్‌ని టీ, బిస్కెట్లతో నెట్టుకొస్తున్నాడు. సాయంత్రం అదీ లేదు. శరీరానికి చాలినంత శక్తి అందకపోతే కండ కట్టడానికి వాడాల్సిన ప్రొటీన్‌నే కొంత శక్తి కోసం ఖర్చు చేసేస్తుంది. అలాంటప్పుడు పైనుంచి ఖరీదైన ప్రొటీన్ పౌడర్ పోసినా అందులో కొంత అలాగే ఖర్చయిపోతుంది. ఈ పిల్లాడు రోజూ తినే అన్నం తగ్గించాల్సిన పనిలేదు. తిండి సర్దుకోవాల్సింది ప్రాక్టీస్ చుట్టూ.

రెండో పని: లోటును వంటింట్లోంచే పూడ్చండి

పొద్దున గ్రౌండ్‌కి వెళ్లే ముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు చాలు. పొట్ట బరువెక్కదు, పరుగుకు కావాల్సిన చక్కెర అందుతుంది. ప్రాక్టీస్ అయ్యాక గంటలోపు టిఫిన్, దాంతోపాటు రెండు ఉడికించిన గుడ్లు. ఇక్కడే 12 గ్రాముల ప్రొటీన్ వచ్చేసింది. మధ్యాహ్నం బాక్సులో వేపుడు ఉండనివ్వండి, పక్కన ఒక చిన్న డబ్బాలో గట్టి పప్పో ఉడికించిన శనగలో పెట్టండి. అదొక 6 గ్రాములు. సాయంత్రం బడి అయ్యాక, ప్రాక్టీస్‌కి ముందు అరటిపండో కొంచెం అటుకుల ఉప్మానో తినాలి. ప్రాక్టీస్ నుంచి రాగానే ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన పల్లీలు లేదా వాటికి సరిపడా పల్లీ చిక్కీ. పాలకు 8, పల్లీలకు 7 గ్రాములు. అన్నీ కలిపితే 33. దుకాణంలో అమ్మే ప్రొటీన్ పౌడర్ ఒక స్కూప్‌లో సాధారణంగా 24 గ్రాములు ఉంటుంది.

గుడ్డు తినని ఇళ్లలో 30 గ్రాముల మీల్‌మేకర్‌ని కూరలో వేస్తే దాదాపు 15 గ్రాములు వస్తాయి. వారంలో రెండు మూడు రోజులు అది, మిగతా రోజులు పెరుగు, పెసరట్టు, పనీర్ పెంచుకుంటే సరిపోతుంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చూడాలి. ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత బరువు చూడమనండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు నీరు చెమటగా పోయినట్టు. ఆ తర్వాతి కొన్ని గంటల్లో లీటరున్నర దాకా కొద్దికొద్దిగా తాగాలి. మన ఎండల్లో దీనికి ఉప్పు వేసిన మజ్జిగను మించింది నాకు తెలియదు.

ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు గడవనివ్వండి. నెలకోసారి బరువు, ఎత్తు రాసుకోండి. ప్రాక్టీస్ చివరి అరగంటలో కాళ్లు లాగేయడం తగ్గిందా, పొద్దున లేవగలుగుతున్నాడా అని అడగండి. చాలా ఇళ్లలో పౌడర్ ప్రశ్న ఇక్కడే తేలిపోతుంది.

తిండి సర్దినా కోలుకోకపోతే

అప్పుడు దుకాణానికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చిన్న గాయం వారాల తరబడి మానకపోవడం, తరచూ జలుబు, బరువు పెరగాల్సిన వయసులో తగ్గడం, ఆట మీద ఆసక్తి పోవడం గమనించాల్సినవి. ఆడపిల్లల్లో మూడు నెలలు వరసగా నెలసరి రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలవకపోయినా "ఆటలాడే పిల్లలకు అంతే" అని ఎవరన్నా నమ్మకండి. ఖర్చు చేసే శక్తికి తగ్గ తిండి లేదని శరీరం ఇచ్చే గట్టి హెచ్చరిక అది. ఎముకలు బలం పుంజుకునే వయసులో దాన్ని పట్టించుకోకపోతే నష్టం పెద్దయ్యాక కూడా మిగులుతుంది. రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చెప్తాయి. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు.

బరువు పరిమితి ఉండే ఆటల్లో పోటీకి ముందు పస్తులుండే పిల్లలు ఉంటారు. వాళ్ల విషయంలో ఈ లక్షణాలను రెట్టింపు జాగ్రత్తతో చూడాలి.

మూడో పని: ఏ పౌడరో తెలుసుకోండి

పిల్లలు "పౌడర్" అన్నది రకరకాల డబ్బాలకు వాడే మాట. పాలలో కలిపే మాల్ట్ పౌడర్లు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. డబ్బా వెనక్కి తిప్పి 100 గ్రాములకు చక్కెర ఎంతో చూడండి. చాలావాటిలో అదే పెద్ద భాగం. పాలకు రుచి కోసమైతే సరే, కండ కోసమైతే పనికిరాదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి వాటిని "హెల్త్ డ్రింక్" పేరుతో చూపించొద్దని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. చట్టంలో అలాంటి వర్గమే లేదు. గ్లూకోజ్ పౌడర్ ఉత్త చక్కెర. బరువు పెంచే మాస్ గెయినర్లలో ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం, మన అన్నం ఇచ్చేదీ దాదాపు అదే.

నాకు నిజంగా భయం కలిగించేది ప్రాక్టీస్‌కి ముందు హుషారు కోసం తాగే ప్రీ వర్కౌట్ పౌడర్. ఇందులో అసలు పని చేసేది కెఫీన్. ఒక్క స్కూప్‌లోనే 150 నుంచి 300 మిల్లీగ్రాములు ఉండటం మామూలు. పిల్లలకు రోజు మొత్తానికి కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు దాటొద్దని యూరప్ ఆహార భద్రత సంస్థ లెక్క. మన 50 కిలోల అబ్బాయికి అది 150. ఒక్క స్కూప్‌తో ఆ హద్దు దగ్గరకో, దాటో పోతాడు. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం కనిపిస్తే ఈ డబ్బా ఉందేమో అడగండి. ఎనర్జీ డ్రింకుల మీద పిల్లలకు తగదని రాసి ఉంటుంది, ఆ మాట దీనికీ వర్తిస్తుంది. ఇది పూర్తిగా వద్దు.

ఏ డబ్బాలో అయినా లేబుల్ మీద రాయనివి కలిసి ఉండొచ్చు. నిషేధిత పదార్థం దొరికితే డోపింగ్ నియమాల ప్రకారం బాధ్యత ఆటగాడిదే, తెలియక తిన్నానన్నా పరీక్ష ఫలితం మారదు. ఖేలో ఇండియా పోటీల్లోనూ పరీక్షలు జరుగుతాయి. బ్యాచ్‌ బ్యాచ్‌కీ బయటి ల్యాబ్‌లో పరీక్షించి ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్ లాంటి ముద్ర వేసిన వాటిలో ఈ ముప్పు తక్కువ, పూర్తిగా పోదు. జిమ్‌లో కవర్లో పోసి ఇచ్చేది మాత్రం ముట్టుకోవద్దు.

క్రియాటిన్ అడిగితే

క్రియాటిన్ కూడా డబ్బాల్లో అమ్మే పౌడరే. ఇది స్టెరాయిడ్ కాదు, డోపింగ్ నిషేధిత జాబితాలోనూ లేదు. మన శరీరమే రోజుకు ఒక గ్రాము దాకా తయారు చేసుకుంటుంది, మాంసం, చేపల నుంచీ కొంత వస్తుంది. దాదాపు అంతా కండరాల్లోనే నిల్వ ఉంటుంది. కొన్ని సెకన్ల పాటు పూర్తి బలంతో చేసే పనికి, అంటే కబడ్డీ రైడ్‌కో 100 మీటర్ల పరుగుకో, ఆ నిల్వే వెంటనే శక్తినిస్తుంది. అందుకే పెద్దవాళ్లలో ఇది కొంత పని చేస్తుంది. దూరం పరుగెత్తేవాళ్లకు దాంతో పెద్ద లాభం లేదు, నీరు పట్టి పెరిగే కిలో బరువు భారమే.

పెద్దవాళ్లలో దీని మీద చాలా పరిశోధన ఉంది, ఆరోగ్యవంతుల కిడ్నీలకు హాని కనిపించలేదు. ఎదిగే పిల్లల్లో ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చెప్పే పరిశోధన అలా లేదు. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లలకు వద్దంటోంది. అంతర్జాతీయ క్రీడా పోషణ సంఘం 2017లో కొంత సడలించింది గానీ షరతులు పెట్టింది: పర్యవేక్షణలో పోటీ స్థాయి శిక్షణ పొందుతూ ఉండాలి, తిండి సరిగ్గా ఉండాలి, దాన్ని ఎలా వాడాలో సరిగ్గా తెలిసి ఉండాలి, మోతాదు మించకూడదు. మన ఉదాహరణలోని అబ్బాయి తిండి షరతు దగ్గరే ఆగిపోతాడు. నా మాట అడిగితే పద్దెనిమిది నిండే దాకా ఆగమంటాను.

ఇంట్లో కిడ్నీ జబ్బు చరిత్ర ఉంటే, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కుటుంబాల్లో, పద్దెనిమిది దాటినా డాక్టర్ పరీక్ష చేయకుండా మొదలుపెట్టనివ్వొద్దు.

ఇప్పటికే రహస్యంగా వాడుతున్నాడని తెలిస్తే కేకలు వేయకండి, దాచడం నేర్చుకుంటాడు. డబ్బా తెప్పించి చూడండి, రోజుకు ఎన్ని గ్రాములో అడగండి. మొదటి వారం రోజుకు 20 గ్రాములు మింగమనే సలహా జిమ్‌లలో తిరుగుతూ ఉంటుంది. కడుపు ఉబ్బరం, విరేచనాలు ఎక్కువగా దానివల్లే. ఆపేస్తే ప్రమాదం లేదు, నాలుగు నుంచి ఆరు వారాల్లో నిల్వలు మామూలు స్థాయికి వస్తాయి, కిలో అటూ ఇటూ బరువు తగ్గుతుంది. ఈ లోపు రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించొచ్చు, కాబట్టి వాడిన సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. కోచ్ సలహా ఇచ్చి ఉంటే ఆయన్నే కలిసి ఏ బ్రాండు, ఎంత మోతాదు, ఎందుకు అని అడిగి కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితం, మీరు రాయించిన మూడు రోజుల తిండి లెక్క రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.