హోటల్ లోగో కోసం డిజైనర్‌కి ఏం చెప్పాలి?

"అన్నా, మనది ఫ్యామిలీ రెస్టారెంట్, మంచి లోగో ఒకటి కొట్టెయ్" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్, వెనకాలే హైదరాబాద్‌లో ఎవరిదో బోర్డు ఫోటో. భీమవరంలో కూర్చుని ఏళ్ల తరబడి లోగోలు గీస్తున్నాను, ఇలా మొదలైన లోగో పదిసార్లు మారకుండా బోర్డెక్కడం నేనైతే చూడలేదు. దానికి బదులు ఈ అయిదు సంగతులూ ఒక పేజీలో రాసివ్వండి చాలు.

1. పేరు, మనిషి

పేరు బోర్డు మీద ఎలా ఉండాలో తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి అక్షరం తప్పు లేకుండా రాయండి. న్యూమరాలజీ చూపించుకునేవాళ్లు ముందే చూపించుకోండి. ఇక నాతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. నాన్నగారు సరే అన్నాక బావగారు ఫోన్ చేసి రంగు మార్చమంటే ఆ పని తెమలదు.

2. ఎక్కడెక్కడ వాడతారు

రోడ్డు మీద బోర్డు, మెనూ, పార్సిల్ కవరు, బిల్లు, ఫోన్‌లో గుండ్రంగా కనిపించే డీపీ. అన్నీ రాసేయండి.

3. బొమ్మ దగ్గర ఆగండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఆమధ్య పాలకొల్లు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వంట తల్లీ కోడలూ, క్యాష్ దగ్గర తండ్రి, పార్సిళ్లు కొడుకు. తండ్రికి లోగోలో పులస కావాలి, కొడుక్కి కొబ్బరిచెట్టూ పడవా, కోడలికి అమ్మవారు. అన్నీ ఒకే గుండ్రంలో!

పులస ఏడాదిలో ఎన్నాళ్లు వండుతారని అడిగాను. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే ఆ రెండు మూడు నెలలే, అదీ దొరికితే. మరి సంక్రాంతికి వచ్చిన అల్లుడు బోర్డు మీద పులసని చూసి లోపలికొస్తే ఏం చెప్తారు? సముద్రంలో దొరికే ఇలసని పులస అని వడ్డించారనే మాట ఒక్కసారి పడితే చాలు. అమ్మవారి బొమ్మ వేసిన పార్సిల్ కవరు చివరికి చేపముళ్లతో కలిసి చెత్తలోకే పోతుంది, చూసినవాళ్లు తిడతారు. ఇక కొబ్బరిచెట్టంటారా, కోనసీమ దారిలో అది లేని బోర్డు ఏదో చెప్పండి.

అప్పుడు అసలు ప్రశ్న అడిగాను: ఒకసారి తిన్నవాళ్లు మళ్లీ దేనికోసం వస్తున్నారు? ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. అప్పటిదాకా నోరు విప్పని తల్లి, "దాకలో చేపల పులుసండీ. రాత్రి పెట్టేసి మర్నాడు మధ్యాహ్నం వడ్డిస్తాం, దానికే వస్తారు" అంది.

ఆ మాట పట్టుకుని వాళ్ల చేతే ఇలా రాయించాను: "రాత్రి మట్టిదాకలో పెట్టి మర్నాడు వడ్డించే చేపల పులుసు మా ప్రత్యేకత. మధ్యాహ్నం ఆఫీసులవాళ్లు, ఆదివారం పిల్లలతో కుటుంబాలు. భోజనం 150 రూపాయలు. పక్కనున్న రెండు హోటళ్ల బోర్డులూ ఎరుపూ పసుపూ, మాకు ఆ రంగులు వద్దు." ఇంతే. లోగోలో దాక వచ్చింది, చేప అవసరమే పడలేదు. పులస దొరికిన రోజు గుమ్మం దగ్గర పలక మీద సుద్దముక్కతో రాసి పెడుతున్నారు.

గమనించండి, అందులో "దాక గీయండి" అన్న మాట లేదు. మీరు బొమ్మ చెప్పేస్తే మేము గీసిచ్చేస్తాం, తప్పు బొమ్మయినా సరే. "రిచ్‌గా, రాయల్‌గా" అన్న మాటలు కూడా రాయకండి, వాటికి బంగారు రంగు తప్ప నాకింకేమీ తోచదు, బంగారు రంగు నేను వెయ్యను. భోజనం ధర రాస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. కొందరు డిజైనర్లు ఆరు నమూనాలు చూపించి ఏది నచ్చిందని అడుగుతారు. ఆరు చూపిస్తే ఇంట్లో తలా ఒకటి పట్టుకుని కూర్చుంటారు, అందుకే నేను ఒక్కటే చూపిస్తాను.

4. బిల్లు మీద పరీక్ష

"బిల్లు మీద కూడా పేరు చదవగలగాలి" అని తప్పకుండా రాయండి. బిల్లు మిషన్‌కి నలుపు తప్ప రంగు తెలియదు, షేడింగ్ వేస్తే మసి పూసినట్టు వస్తుంది. పేరులో ఒత్తులుంటే ఇంకా జాగ్రత్త: సన్న సందులున్న అక్షరాలతో "లక్ష్మీ" అని చిన్నగా కొడితే కింది ఒత్తు పూడిపోయి నల్లటి చుక్కలా మిగులుతుంది. డిజైన్ వచ్చాక బొటనవేలి గోరంత ఎత్తులో, నలుపులో ప్రింట్ తీసి, పేరు తెలియని మనిషి చేత చదివించండి. తడుముకుంటే వెనక్కి పంపండి.

5. ఫైళ్లు

వాట్సాప్‌లో వచ్చిన జేపీజీని ఇరవై అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంచులన్నీ మెట్లుమెట్లుగా వస్తాయి. కోరల్ డ్రా ఫైలు, పీడీఎఫ్ రెండూ అడగండి, అక్షరాలు కర్వ్స్ చేసి, అంటే ఫాంట్‌తో పనిలేని గీతలుగా మార్చి ఇమ్మనండి. లేకపోతే ఫ్లెక్సీ షాపువాడి కంప్యూటర్లో ఆ ఫాంట్ లేనప్పుడు మీ హోటల్ పేరు పిచ్చి గుర్తులుగా మారిపోతుంది, వాడు తోచిన ఫాంట్‌లో మళ్లీ కొట్టి బోర్డు వేసేస్తాడు.