పొలం లెక్కలకు గణాంకశాస్త్రం, నాలుగో పాఠం: తెగులు స్కోరుకు సగటు ఎందుకు నిలవదు

గత పాఠం చివర ఇచ్చిన పట్టికలో నాలుగు నిలువు వరుసలున్నాయి: వరి రకం, పాముపొడ తెగులు స్కోరు, మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, ఎకరా దిగుబడి. ఒక్కో వరుసకు తగిన సారాంశం రాయమని అడిగాను. చాలామంది నాలుగు వరుసలకూ సగటు, ప్రామాణిక విచలనం కట్టి పంపారు. కూడికల్లో, భాగహారాల్లో తప్పు లేదు. తప్పు అంతకు ముందు మెట్టులో ఉంది. ఆ మెట్టు అందరికీ తెలిసే ఉంటుందనుకుని నేను చెప్పకుండా దాటేశాను. అందువల్ల ఈసారి మొదలుపెడతానన్న విశ్వాస అంతరాలను వచ్చే పాఠానికి జరిపి, కొలమానాల రకాలనే తీసుకుంటున్నాను.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త అయిన ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలమానాలను నాలుగుగా విడదీశారు: నామమాత్ర కొలమానం, క్రమ కొలమానం, అంతర కొలమానం, నిష్పత్తి కొలమానం. ఈ పేర్లను బట్టీ పట్టడం కన్నా, ఆయన విభజనకు ఆధారమైన ప్రశ్నను పట్టుకోవడం మేలు. మన దగ్గరున్న అంకెలను తీసేసి వాటి స్థానంలో వేరే అంకెలు పెడితే, పొలంలో చూసిన సమాచారం ఏమీ చెడకుండా ఉంటుందా? ఉంటే, ఎంతవరకు మార్చవచ్చు? ఆ మార్పుకు తట్టుకుని నిలిచే సారాంశమే ఆ కొలమానానికి చెల్లుతుంది.

మొదటి వరుసను త్వరగా ముగిద్దాం. ఎంటీయూ 1010, బీపీటీ 5204, ఎంటీయూ 7029 అనేవి వంగడాల పేర్లు. ఎంటీయూ అంటే మార్టేరు పరిశోధన స్థానం, బీపీటీ అంటే బాపట్ల. ఈ మూడు సంఖ్యలను కూడి మూడుతో భాగిస్తే సుమారు 4414 వస్తుంది. అది పొలంలో ఉన్న ఏ మొక్క గురించీ ఏమీ చెప్పదు. ఇక్కడ అంకెలను ఎలా తారుమారు చేసినా, వేర్వేరు రకాలకు వేర్వేరు గుర్తులు ఉన్నంతవరకు సమాచారం చెడదు. కాబట్టి ఏ రకం ఎన్ని మడుల్లో ఉందో లెక్కపెట్టవచ్చు, ఎక్కువసార్లు కనబడినదాన్ని బాహుళకంగా చెప్పవచ్చు, రకానికీ తెగులు సోకడానికీ సంబంధం ఉందేమో కై-వర్గ పరీక్షతో చూడవచ్చు. ఇది నామమాత్ర కొలమానం. కంప్యూటరు పట్టికలో 5204 అని మాత్రమే రాస్తే యంత్రం దాన్ని మామూలు సంఖ్యగానే తీసుకుంటుంది. అందుకే ఆ గడిలో అక్షరాలతో సహా పూర్తి పేరు రాసే అలవాటు చేసుకోండి.

అసలు చిక్కు రెండో వరుసలో ఉంది. పాముపొడ తెగులుకు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రామాణిక మూల్యాంకన పద్ధతిలో స్కోర్లు 0, 1, 3, 5, 7, 9 అని ఉంటాయి. తెగులు లేకపోతే 0. మచ్చలు మొక్క ఎత్తులో కింది 20 శాతానికే పరిమితమైతే 1. 20 నుంచి 30 శాతం వరకు పాకితే 3, 31 నుంచి 45 వరకు అయితే 5, 46 నుంచి 65 వరకు అయితే 7, 65 శాతం దాటితే 9. ఈ హద్దులను ఒకసారి నిదానంగా చూడండి. స్కోరు 3 అనే మెట్టు వెడల్పు పది శాతమే. స్కోరు 9 అనే మెట్టు మాత్రం 65 దగ్గర మొదలై మొక్క కొస వరకు పోతుంది. 1 నుంచి అంకెలు రెండేసి చొప్పున సమానంగా పెరుగుతున్నాయి కానీ, వాటి వెనక ఉన్న తెగులు అలా పెరగడం లేదు. 9 వచ్చిన మడి 3 వచ్చిన మడి కన్నా ఎక్కువగా దెబ్బతిన్నదని చెప్పగలం. మూడు రెట్లు దెబ్బతిన్నదని చెప్పలేం. వరుస నమ్మదగినది, ఎడం నమ్మదగినది కాదు. ఇదే క్రమ కొలమానం.

దీనికి సగటు కడితే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. అంకెలు ఈ పాఠం కోసం కూర్చినవి. రెండు మందులను చెరో ఎనిమిది మడుల్లో పిచికారీ చేసి, ఒక్కో మడికి ఒక్కో స్కోరు ఇచ్చామనుకుందాం. మొదటి మందు వేసిన మడుల స్కోర్లు 3, 3, 3, 3, 3, 3, 9, 9. రెండో మందు వేసినవి 3, 5, 5, 5, 5, 5, 5, 7. మొదటిదాని సగటు 36ను 8తో భాగిస్తే 4.5, రెండోదాని సగటు 40ని 8తో భాగిస్తే 5. స్కోరు తక్కువైతే తెగులు తక్కువ కనుక మొదటి మందే మెరుగని మీరు రాస్తారు.

ఇప్పుడు అవే మడులకు స్కోరు బదులు ఆ మెట్టు మధ్యలోని శాతాన్ని రాద్దాం. 3కు 25, 5కు 38, 7కు 55.5, 9కి 82.5. వరుస ఎక్కడా మారలేదు, తక్కువది తక్కువగానే ఉంది. మొదటి మందు మొత్తం 315, సగటు సుమారు 39.4. రెండో మందు మొత్తం 308.5, సగటు సుమారు 38.6. ఇప్పుడు రెండో మందు మెరుగైంది! పొలంలో ఒక్క ఆకు కూడా కదలలేదు. మనం మెట్లకు పెట్టిన పేర్లు మారాయంతే. పేరు మార్చగానే తీర్పు తలకిందులైందంటే, ఆ తీర్పు మందుల గురించి చెప్పినది కాదు, మనం ఎంచుకున్న అంకెల గురించి చెప్పినది. నివేదికల్లో ‘సగటు తెగులు స్కోరు 4.5’ అన్న మాట కనబడిన ప్రతిసారీ నాకు ఇబ్బందిగా ఉంటుంది. 3 కన్నా పైన, 5 కన్నా కింద ఉన్న ఆ 4.5 ఏ శాతమో ఆ పద్ధతిలో ఎక్కడా రాసి లేదు. ఆ రెండు సగటుల తేడా చూసి ఒక రైతు మందు కొంటాడు.

ఇదే చోట మధ్యగతాన్ని చూడండి. మొదటి మందుకు 3, రెండో మందుకు 5. శాతాల్లో రాస్తే 25, 38. ఎలా రాసినా మొదటి మందు మధ్యగతమే తక్కువ. వరుస చెడనంతవరకు మధ్యగతం అదే మడి దగ్గర నిలుస్తుంది. చతుర్థాంశాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అయితే మధ్యగతం ఒక్కటే రాస్తే మొదటి మందు వేసినా అదుపు తప్పిన ఆ రెండు మడులు కనబడకుండా పోతాయి. అందువల్ల నేనైతే మధ్యగతంతో పాటు ఏ స్కోరు ఎన్ని మడులకు వచ్చిందో పక్కనే రాస్తాను.

పరీక్ష విషయానికొస్తే, రెండు స్వతంత్ర గుంపుల క్రమ స్కోర్లకు మాన్-విట్నీ పరీక్ష సరిపోతుంది. దాన్ని స్థానాల పట్టికతో మొదలుపెట్టకుండా జతలతో చూడడం నాకు ఇష్టం. మొదటి మందు మడి ఒకటి, రెండో మందు మడి ఒకటి చొప్పున కలిపితే 8 × 8, అంటే 64 జతలు వస్తాయి. మొదటి మందు మడికి తక్కువ స్కోరున్న జతలు 42, ఎక్కువ స్కోరున్నవి 16, సమానమైనవి 6. సమానమైన వాటిని చెరి సగం పంచితే 45, 19 వస్తాయి. ఇందులో చిన్నదైన 19 ఈ పరీక్షలోని యూ విలువ. ఎనిమిదేసి పరిశీలనలకు, రెండు వైపుల 5 శాతం స్థాయిలో, పట్టికలోని హద్దు 13. యూ అంతకన్నా పెద్దది కనుక తేడా ఉందని ఈ పదహారు మడులతో తేల్చలేం. సమాన స్కోర్లు ఇన్ని ఉన్నప్పుడు పట్టిక హద్దు ఉజ్జాయింపు మాత్రమే కనుక ఆర్ భాషలో సరిచూసుకోండి:

```r
a <- c(3,3,3,3,3,3,9,9)
b <- c(3,5,5,5,5,5,5,7)
wilcox.test(a, b, exact = FALSE)
```

తెరపై `W = 19` అని, పీ విలువ దాదాపు 0.16 అని వస్తుంది. `a`, `b` లలో స్కోర్లు తీసి శాతాలు పెట్టినా ఈ రెండూ మారవు. మందులు మూడు, అంతకన్నా ఎక్కువైతే క్రుస్కాల్-వాలిస్ పరీక్ష. ఒకే మడిని పిచికారీకి ముందు, తర్వాత చూస్తే జతల మధ్య తేడాల గుర్తులనే లెక్కించే సంజ్ఞా పరీక్ష.

క్రమ స్కోర్లకు సగటు చెల్లదన్న మాటకు గట్టి అభ్యంతరం చెప్పినవారు ఉన్నారు, దాన్ని దాచడం న్యాయం కాదు. అంకెలకు తాము ఎక్కడి నుంచి వచ్చామో తెలియదని, టీ-పరీక్ష చెల్లడం అంకెల విభాజనం మీద ఆధారపడుతుందే తప్ప కొలమానం పేరు మీద కాదని మానసిక పరీక్షల గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ లార్డ్ 1953లో వాదించారు. ఆ లెక్క వరకు ఆయన మాట నిజమే. కానీ టీ-పరీక్ష తేల్చేది రెండు సగటుల తేడాను. ఆ సగటులకు పొలంలో అర్థం ఉందా లేదా అన్నది పరీక్ష చెప్పదు, మనమే చెప్పుకోవాలి. స్టీవెన్స్ కూడా క్రమ స్కోర్లకు సగటు కట్టడం ఒక్కోసారి ఉపయోగపడుతుందని ఒప్పుకున్నారు. సగటు కట్టక తప్పని చోట, పైన చేసినట్లు మరో రెండు రకాల అంకెలతో కూడా కట్టి, తీర్పు మారలేదని చూపించండి.

నన్ను అడిగితే, ఈ చిక్కును పొలంలోనే తప్పించవచ్చు. మొక్క ఎత్తును, మచ్చ పాకిన ఎత్తును టేపుతో సెంటీమీటర్లలో కొలిచి రాసుకుంటే, శాతం మన చేతిలోనే ఉంటుంది, స్కోరు ఎప్పుడైనా రాబట్టుకోవచ్చు. స్కోరు మాత్రమే రాసుకుంటే శాతానికి తిరిగి పోయే దారి ఉండదు.

ఉష్ణోగ్రత వరుసకు మీలో చాలామంది సగటు కట్టడం సరైనదే. సెల్సియస్‌లో ఎడాలు సమానం, అందుకే అది అంతర కొలమానం. సగటు, ప్రామాణిక విచలనం, టీ-పరీక్ష, ఆనోవా అన్నీ చెల్లుతాయి. కానీ 0 డిగ్రీలంటే వేడి లేకపోవడం కాదు, నీరు గడ్డకట్టే చోటు. కాబట్టి 40 డిగ్రీలు 20 డిగ్రీలకు రెట్టింపు కాదు. ఫారెన్‌హీట్‌లో అవి 104, 68. కొందరు ఇక్కడ విచలన గుణకం, అంటే ప్రామాణిక విచలనం సగటులో ఎంత శాతమో, అది కూడా రాశారు. 20, 25, 30 డిగ్రీలకు అది 20 శాతం వస్తుంది. అవే ఉష్ణోగ్రతలను ఫారెన్‌హీట్‌లో 68, 77, 86 అని రాస్తే 11.7 శాతం. ఒకే ఎండకు రెండు జవాబులు వచ్చాయి కనుక ఆ సారాంశం ఇక్కడ చెల్లదు.

దిగుబడి నిష్పత్తి కొలమానం. సున్నా అంటే గింజ లేదనే. కిలోల్లో రాసినా, క్వింటాళ్లలో రాసినా రెట్టింపు రెట్టింపుగానే ఉంటుంది. విచలన గుణకం, గుణమధ్యమం కూడా ఇక్కడ చెల్లుతాయి. ఈ వరుసలో ఎవరూ తప్పు చేయలేదు.

అభ్యాసం ఒక్కటే, కానీ కాగితం మీద చేయండి. పై రెండు మందుల స్కోర్లలో 3, 5, 7 లను అలాగే ఉంచి, 9 అన్న మెట్టుకు ఏ అంకె పెడితే రెండు సగటులూ సమానమవుతాయో కనుక్కోండి. ఆ తర్వాత దానికన్నా ఒకటి పెద్ద అంకెను, ఒకటి చిన్న అంకెను పెట్టి, ఒక్కోసారి సగటులు, మధ్యగతాలు, 64 జతల లెక్క మళ్లీ రాయండి. చివరగా, మొదటి మందు మధ్యగతం రెండోదాని కన్నా పెద్దదయ్యేలా, వరుస చెడకుండా, 3, 5, 7, 9 లకు వేరే అంకెలు పెట్టగలరేమో ప్రయత్నించి, కుదరకపోతే ఎందుకు కుదరదో రెండు వాక్యాల్లో నిరూపించండి.