అమ్మవారి వెనక తెరకు నెట్ కొనేముందు

వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి వెనక తెర కోసం జనరల్ బజార్‌కు వెళ్తే అందరి చేయీ ముందు నెట్ మీదకే పోతుంది. చవక, పైగా తళుకు. నేనూ అలాగే కొన్నాను. ఫ్యాన్ గాలికి అంచు దీపం మీదకు వాలి, క్షణంలో జానెడు కరిగిపోయింది. నైలాన్, పాలియెస్టర్ నెట్ మండుతూ కరిగి చుక్కలుగా కారుతుంది, చర్మానికి అంటుకుంటుంది.

అందుకే ఇప్పుడు బట్ట అంచు నుంచి నాలుగు పోగులు లాగి, ఇంటి సింకులో పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూస్తాను. కాలిన వెంట్రుకల వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగితే పట్టు. కాగితం వాసనొస్తే నూలు. గట్టి నల్లపూసలా ముడుచుకుంటే సింథటిక్. ఆర్గాంజా పేరుతో అమ్మేది చాలావరకు ఇదే, ఫోటో ఫ్లాష్‌కు మెరుపు కూడా ఎక్కువే.

పట్టుకు మంట అంత తేలిగ్గా అంటుకోదు కానీ కుంకుమ, నూనె మరకలు పడితే డ్రై క్లీనింగే. నేను కలశానికి పట్టు, వెనక ఉతికేసుకోగల నూలు కడతాను. నూలూ భగ్గున మండేదే, కాబట్టి దీపానికి మూడడుగుల ఎడం, ఫ్యాన్ బంద్. మా అత్తయ్యకు మాత్రం ఇప్పటికీ నెట్టే ఇష్టం. నెట్ దగ్గర దీపం బదులు సీరియల్ లైట్లు చాలని ఆవిడను ఒప్పించాం.