ట్యూమర్ బోర్డు సమ్మరీ: ప్రశ్న ముందు, హిస్టరీ తర్వాత

క్యాన్సర్ కేసుల్ని డాక్టర్లందరూ కలిసి చర్చించే ట్యూమర్ బోర్డులో హిస్టరీ చదవడంతోనే టైమ్ అయిపోతుంది, చివర్లో "మరి ఏం చేద్దాం?" అని అందరూ ముఖాలు చూసుకుంటారు. అందుకే ఇప్పుడు సమ్మరీ మొదటి లైన్‌లోనే ప్రశ్న రాసేస్తున్నాను. అందులో ఎంచుకోవాల్సిన రెండు దారులూ పేర్లతో ఉండాలి.

ఉదాహరణకి 62 ఏళ్ల వ్యక్తి, మలద్వారానికి 4 సెం.మీ. పైన రెక్టల్ క్యాన్సర్, కీమో, రేడియేషన్ పూర్తయ్యాయి. "ప్లాన్ ఏంటి?" అని కాకుండా, "శాశ్వత స్టోమాతో సర్జరీ చేద్దామా, ఆపరేషన్ ఆపి దగ్గరగా గమనిద్దామా?" అని అడగాలి. ఆ కింద జవాబును మార్చగల సంగతులే రాయాలి: మొదట్లో టీ3 ఎన్1, చికిత్స ముగిసి 10 వారాలు, వేలి పరీక్షలో గడ్డ తగల్లేదు, ఎండోస్కోపీలో తెల్లటి మచ్చ, ఎంఆర్ఐలో మచ్చ తప్ప ఏమీ లేదు, నోడ్స్ మామూలే. ఆయన స్టోమా వద్దంటున్నారు, ఫాలోఅప్‌కి తప్పకుండా రాగలరు. ఈ చివరి మాట చాలామంది రాయరు, నిర్ణయం మాత్రం తరచూ దానిమీదే ఆధారపడుతుంది. ఎప్పటిదో హెర్నియా ఆపరేషన్ ఇక్కడ అక్కర్లేదు.

బయాప్సీయే తేలనప్పుడు మాత్రం ఇలా చికిత్స ప్రశ్న పెట్టకండి. అప్పుడు ప్రశ్న పాథాలజిస్టుకి: "ఉన్న స్లైడ్లు సరిపోతాయా, కొత్త ముక్క తీయాలా?"