యాప్‌లో ఏ ఫీచర్ మురిపిస్తుంది, ఏది ఉండి తీరాలి? కానో మోడల్‌తో తేల్చుకోవడం ఎలా

విజయనగరంలో కిరాణా షాపుల కోసం మేం ముగ్గురం ఫ్రెండ్స్ కలిసి ఒక ఆర్డర్ల యాప్ చేస్తున్నాం. మొదటిసారి సర్వేకి గంటస్తంభం దగ్గర ఒక షాపులో నిలబడి పది ఫీచర్లు రాసిన కాగితం ఇచ్చి "ఇందులో మీకేం కావాలి?" అని అడిగాం, అందరూ పదింటికీ టిక్ పెట్టేసి వెళ్ళిపోయారు. ఊరికే ఇస్తానంటే వద్దనేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి. ఆ కాగితాలతో ఏది ముందు కట్టాలో ఒక్క ముక్క కూడా తెలీలేదు.

అప్పుడు పట్టుకున్నాం కానో మోడల్‌ని. నొరియాకి కానో అని జపాన్ ప్రొఫెసర్, క్వాలిటీ మీద పనిచేసిన ఆయన, 1984లో ఈ పద్ధతి రాసారు. అసలు పాయింట్ ఏంటంటే ఒకటి ఉంటే కలిగే సంతోషం, అది లేకపోతే వచ్చే కోపం, ఈ రెండూ ఒకే తక్కెడకి రెండు పళ్ళాలు కావు. ఇంటికొచ్చాక డబ్బులిచ్చే ఆప్షన్ మన దగ్గర ఉందని ఎవరూ మురిసిపోరు, కానీ తీసేసి చూడండి, యాప్ తీసేస్తారు. అందుకే ఒక్కో ఫీచర్ గురించి రెండు ప్రశ్నలు అడగాలి, ఉంటే ఎలా ఉంటుంది, లేకపోతే ఎలా ఉంటుంది అని.

మొదటి అడుగు: ఫీచర్‌ని వాడేవాళ్ళ మాటలో రాయండి

పది పన్నెండు ఫీచర్లు చాలు, ప్రతిదానికీ రెండేసి ప్రశ్నలు కాబట్టి అంతకంటే ఎక్కువైతే సగం నుంచి కళ్ళు మూసుకుని టిక్కులు పెడతారు. మేం మొదట "వాయిస్ ఇన్‌పుట్ సపోర్ట్" అని రాసాం, ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత "కేజీ కందిపప్పు, పావుకేజీ చింతపండు అని ఫోన్లో చెప్తే చాలు, లిస్టు అదే రాసుకుంటుంది" అని మార్చాం, అప్పుడు కానీ జవాబుల్లో ప్రాణం రాలేదు. ఒక ప్రశ్నలో ఒకే విషయం ఉండాలి, తొందరగా వస్తుంది, డెలివరీ ఫ్రీ అని రెండూ కలిపి అడిగితే దేనికి నచ్చిందో తేలదు.

రెండో అడుగు: జంట ప్రశ్నలు, అయిదు జవాబులు

ఉదాహరణకి ఇలా అడగండి: "చెప్తే లిస్టు రాసుకునే సౌకర్యం ఉంటే మీకెలా ఉంటుంది?" దాని జత: "ఆ సౌకర్యం లేకుండా సరుకులన్నీ మీరే టైప్ చేసుకోవాలంటే ఎలా ఉంటుంది?" రెండింటికీ ఇవే అయిదు జవాబులు ఇవ్వండి: నాకు చాలా బాగుంటుంది, అలా ఉండాల్సిందే, ఎలా ఉన్నా ఒకటే, పర్లేదు సర్దుకుంటాను, నాకు నచ్చదు.

తప్పులు ఎక్కువ దొర్లేది ఆ రెండో ప్రశ్నలోనే. "గంటలో రాకపోతే" అని అడిగితే ఒకరు గంటంపావు అనుకుంటారు, ఇంకొకరు రేపు అనుకుంటారు, అందుకని "మూడు గంటలు పడితే" అని కచ్చితంగా రాయాలి. ఇంకోటి, జత ప్రశ్న వినగానే మనుషులు తికమక పడతారు. ఒక పెద్దావిడ "ఏటి బాబూ, అడిగిందే మళ్ళీ అడుగుతున్నావు?" అన్నారు. ముందే "అమ్మా, ఇది ఉంటే ఎలాగో ఒకసారి, లేకపోతే ఎలాగో ఒకసారి అడుగుతాను" అని చెప్పేస్తే ఆ గొడవ ఉండదు. రెండో ప్రశ్న అడిగాక కాసేపు ఆగండి కూడా, లేకపోవడాన్ని ఊహించుకోడానికి టైం పడుతుంది.

మూడో అడుగు: రెండు జవాబులు కలిపి చదవండి

ప్రతి మనిషి జవాబుల్ని జంటగా చూడాలి, విడివిడిగా కాదు. ఉంటే "చాలా బాగుంటుంది", లేకపోతే "నచ్చదు" అంటే అది ఎంతుంటే అంత రకం, ఎంత బాగా చేస్తే అంత తృప్తి, డెలివరీ టైం అలాంటిది. ఉంటే "చాలా బాగుంటుంది", లేకపోయినా మధ్యలో ఉన్న మూడు జవాబుల్లో ఏదో ఒకటి అన్నారంటే అదే మురిపించే ఫీచర్. ఉంటే మధ్య మూడింట్లో ఏదో ఒకటి, లేకపోతే మాత్రం "నచ్చదు" అన్నారంటే అది తప్పనిసరి. రెండిటికీ మధ్య జవాబులే వస్తే వాళ్ళకి పట్టని ఫీచర్. ఉంటేనే నచ్చదనో, లేకపోతేనే బాగుంటుందనో అంటే అసలు వద్దంటున్నారన్నమాట, రోజుకి నాలుగు నోటిఫికేషన్లు పంపిస్తే వచ్చే జవాబు ఇదే. రెండిటికీ "చాలా బాగుంటుంది" అనో, రెండిటికీ "నచ్చదు" అనో వస్తే ప్రశ్న అర్థం కాలేదు, పక్కన పెట్టేయండి. ఒకే ప్రశ్నకి ఇలాంటివి ఎక్కువ వస్తుంటే తప్పు జనానిది కాదు, మన వాక్యానిది, తిరగరాయాలి.

నాలుగో అడుగు: లెక్క కట్టండి

అంకెలు ఊరికే ఉదాహరణకి తీసుకుంటున్నాను. 30 మందిని అడిగాం అనుకోండి, చెప్తే రాసుకునే లిస్టు 13 మందికి మురిపించేది, 5 మందికి ఎంతుంటే అంత, 2 మందికి తప్పనిసరి, 9 మందికి పట్టనిది, ఒకరు వద్దన్నారు. వద్దన్న ఒకరిని తీసేస్తే 29. మురిపించేవి, ఎంతుంటే అంత అన్నవి కలిపి 18, దాన్ని 29తో భాగిస్తే 0.62, ఇది ఉంటే వచ్చే సంతోషం. ఎంతుంటే అంత, తప్పనిసరి కలిపి 7, భాగిస్తే 0.24, ఇది లేకపోతే వచ్చే అసంతృప్తి. సంతోషం ఎక్కువ, అసంతృప్తి తక్కువ, మురిపించే ఫీచరే.

ఇంటి దగ్గర డబ్బులిచ్చే ఆప్షన్‌కి అదే వరుసలో 2, 6, 17, 5 వచ్చాయనుకోండి. సంతోషం 8 బై 30, అంటే 0.27, అసంతృప్తి 23 బై 30, అంటే 0.77. తప్పనిసరి, అందులో డౌట్ లేదు. కాబట్టి ముందు ఇది కట్టండి, సరిగ్గా పనిచేసేంతవరకు చేసి ఆపండి, దానికి రంగులూ హంగులూ పెట్టడం అనవసరం, ఎందుకంటే ఎంత మెరుగులు దిద్దినా సంతోషం పెరగదు. ఇవన్నీ నిలబడ్డాకే మురిపించేదాని జోలికి వెళ్ళాలి, డబ్బులు కట్టే దగ్గర ఆగిపోయే యాప్‌లో మాటతో లిస్టు ఎంత బాగున్నా ఎవరూ ఉండరు.

అయిదో అడుగు: మనుషుల్ని విడగొట్టి మళ్ళీ చూడండి

నా లెక్కలో ఇదే అన్నింటికంటే ముఖ్యం, చాలామంది వదిలేసేది కూడా ఇదే. ఆ 30 మందిలో సగం పెద్దవాళ్ళు, సగం కాలేజీ పిల్లలు అనుకోండి. లిస్టు ఫీచర్‌కి పెద్దవాళ్ళ జవాబులు 11, 3, 1, పట్టదన్నవాళ్ళు ఎవరూ లేరు, సంతోషం 14 బై 15, అంటే 0.93. కుర్రాళ్ళవి 2, 2, 1, 9, ఇంకా వద్దన్నది ఒకరు, 14 మందికి లెక్కేస్తే 0.29. కలిపి చూస్తే 0.62 అని ఒక మోస్తరుగా కనపడింది, కానీ అలాంటి మనిషి ఆ ముప్పైమందిలో ఒక్కరూ లేరు. ఒక గుంపుకి ప్రాణం, ఇంకో గుంపుకి పట్టదు. మీ యాప్ ఎవరికోసమో ముందు తేల్చుకోకపోతే ఈ అంకె మిమ్మల్ని పక్కదారి పట్టిస్తుంది. పదిహేను మందితో కచ్చితమైన తీర్పు రాదు, దిశ మాత్రం తెలుస్తుంది, 0.62కీ 0.58కీ తేడా ఉందని వాదించుకోకండి.

ఈ తీర్పు శాశ్వతం కూడా కాదు. యూపీఐ 2016లో వచ్చింది, కొత్తల్లో స్కాన్ చేసి కట్టేయడం అంటే వింతగా చూసేవాళ్ళు, ఇప్పుడు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగి కోడ్ లేదంటే చిరాకు పడతారు. మురిపించేది మెల్లగా తప్పనిసరి అయిపోతుంది. అందుకని ఆర్నెల్లకో ఏడాదికో అవే ప్రశ్నలు, ఒక్క పదం మార్చకుండా, అలాంటి మనుషుల్నే మళ్ళీ అడగండి. పాత కాగితాలు దాచిపెట్టుకుంటేనే ఏ ఫీచర్ ఎటు జరిగిందో పక్కపక్కన పెట్టి చూడగలరు.