రిటైర్మెంట్ స్లైడ్‌షోలో ఫోటోల వరుస తప్పిందా? ముందు తేదీలను అనుమానించండి

సమస్య ఎప్పుడూ ఒకే తీరుగా మొదలవుతుంది. రేపు సార్ వీడ్కోలు సభ అనగా ఈరోజు రాత్రి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, ఫోటోలన్నీ తేదీ ప్రకారమే పెట్టినా, ఉద్యోగంలో చేరిన రోజు ఫోటో చివర్లో వస్తోంది, నిన్న స్టాఫ్ రూములో తీసింది మధ్యలో వస్తోంది" అంటారు. అప్పటికే స్లైడ్లను ఒక్కొక్కటిగా మౌస్‌తో లాగి సర్దుతూ రెండు గంటలు గడిపి ఉంటారు. అలా సర్దుతుండగానే పాత విద్యార్థులు ఇంకో పది ఫోటోలు పంపిస్తారు. మళ్లీ మొదటికి వస్తుంది.

అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఏ తేదీ ప్రకారం పెట్టారు? దీన్ని ఎవరూ చూసుకోరు. ఏదైనా ఒక పాత ఫోటో మీద రైట్ క్లిక్ చేసి Properties తెరవండి, అందులో Details పేజీలో Date taken అనే వరుస చూడండి. కారణం మీకు అక్కడే కనిపిస్తుంది.

అది ఖాళీగా ఉంటే ఫోటో వాట్సాప్ మీదుగా వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. మామూలు ఫోటోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని చిన్నది చేసి, ఎప్పుడు తీశారన్న వివరాన్ని తీసేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైలు పేరు `IMG-20250728-WA0014.jpg` లాగా ఉంటుంది. ఆ పేరులోని తేదీ ఫోటో తీసిన రోజు కాదు, వాట్సాప్‌లో చేతులు మారిన రోజు. 1992 నాటి ఫోటో అయినా సరే, మొన్న పంపితే మొన్నటి తేదీయే పడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలుసు. పేరులో WA కనబడగానే అనుమానం వస్తుంది కాబట్టి ఇది అంత ప్రమాదం కాదు.

అసలు మోసం చేసేది రెండో రకం. Date taken నిండుగా ఉంటుంది, తేదీ ఉంటుంది, సమయం కూడా నిమిషాలతో సహా ఉంటుంది. ఆ తేదీ కూడా అబద్ధం కాదు. కాకపోతే అది ఎవరో ఆల్బంలోని పాత ప్రింటును ఫోనుతో ఫోటో తీసిన తేదీ. సార్ వాళ్ల అమ్మాయి బీరువాలోంచి ఆల్బం తీసి, ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని ఇరవై ఫోటోలు తీసి పంపిందనుకోండి. 36 ఏళ్ల సర్వీసు మొత్తం ఆ ఒక్క మధ్యాహ్నంలోకి వచ్చి పడుతుంది. అది కూడా ఆల్బం పేజీలు తిప్పిన వరుసలో. ఆ వరుస చాలావరకు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. నేను ఒకసారి దీని వల్లే దెబ్బ తిన్నాను. సభలో మొదటి పోస్టింగ్ అని వేసిన ఫోటో నిజానికి మూడో ఊరిది. ఆ ఊరి నుంచి వచ్చిన పెద్దాయన ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. తమ బడిని వేరే ఊరి పేరుతో చూసి ఆయన ముఖం చిన్నబోయింది. అప్పటి నుంచి నేను కంప్యూటర్ చెప్పే ఏ తేదీనీ వరుసకు ఆధారంగా తీసుకోవడం లేదు.

పరిష్కారం ఫోటోలతో మొదలు కాదు, సార్ సర్వీసుతో మొదలవుతుంది. ఏ ఊళ్లో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు పని చేశారో ముందు ఒక కాగితం మీద రాసుకోవాలి. సర్వీసు రిజిస్టరు ఆఫీసులో ఉంటుంది. అది దొరకకపోతే ఇంట్లో బదిలీ ఆర్డర్లు దాచిపెట్టిన ఫైలు ఉంటుంది, ఇంట్లోవాళ్లను అడిగితే ఇస్తారు. పోయినేడు మా దగ్గరికి వచ్చిన ఒక లెక్కల సార్ పనినే ఉదాహరణగా చెబుతాను. ఆయన 1963 జులైలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 2022 జనవరి నుంచి 62 కాబట్టి 2025 జులై 31న రిటైరయ్యారు. సర్వీసు నాలుగు ముక్కలు: ఆలూరు దగ్గర పల్లెలో 1989 నుంచి 1996, పత్తికొండలో 2004 వరకు, డోన్‌లో 2013 వరకు, ఆ తర్వాత కర్నూలు. ఈ నాలుగు లైన్లు ఉంటే ఫోటోకు కచ్చితమైన తేదీ తెలియనవసరం లేదు. ఏ ముక్కలోదో తెలిస్తే చాలు.

ముక్క తెలుసుకోవడానికి ఫోటోను పెద్దది చేసి చూడండి. ముందు నల్లబల్ల మూల చూడాలి. చాలామంది టీచర్లు అక్కడ తేదీ, తరగతి, హాజరు రాస్తారు. గోడ మీద క్యాలెండరు కూడా ఒక్కోసారి దొరుకుతుంది. ప్రింటు వెనక స్టూడియో ముద్ర ఉందేమో, పెన్నుతో ఏమైనా రాశారేమో ఇంట్లోవాళ్లను తిప్పి చూడమనండి. ఫోనులో ఫోటో తీసేటప్పుడు వెనక వైపు ఎవరూ తీయరు, మనమే అడగాలి. ఫోటో మూలన నారింజ రంగు అంకెల తేదీ ఉంటే మాత్రం దాన్ని వెంటనే నమ్మకండి. బ్యాటరీ మార్చాక తేదీ సరిచేయకుండానే కెమెరాలు వాడినవాళ్లు ఎంతోమంది.

అన్నిటికంటే గట్టి ఆధారం పదో తరగతి గ్రూపు ఫోటో. అందులో ఒక్క విద్యార్థిని గుర్తుపట్టినా ఏడాది తేలిపోతుంది. కాకపోతే అడిగే పద్ధతి ఉంది. "మీది ఏ బ్యాచ్?" అని అడిగితే ఒకరు 2000 అంటారు, పక్కన కూర్చున్న స్నేహితుడే 2001 అంటాడు. ఒకరు బడి తెరిచిన ఏడాది చెబుతారు, ఇంకొకరు పరీక్ష రాసిన ఏడాది చెబుతారు. "పదో తరగతి పరీక్షలు ఏ ఏడాది మార్చిలో రాశారు?" అని అడగండి. గ్రూపు ఫోటో సాధారణంగా ఆ పరీక్షలకు కొద్ది వారాల ముందు తీసిందే కాబట్టి అదే ఏడాది వేసుకోవచ్చు.

ఇప్పుడు ఫైళ్లకు పేర్లు మార్చాలి. పేరు మొదట నాలుగంకెల ఏడాది, తర్వాత మూడంకెల వరుస సంఖ్య. వరుస సంఖ్యను పదేసి చొప్పున పెంచండి.

```
1989-010.jpg
1989-020.jpg
1996-010.jpg
2001-010.jpg
2001-015.jpg
2001-020.jpg
```

`2001-015` ఫైలు చూడండి. రాత్రి పదకొండుకు వచ్చిన కొత్త ఫోటో అది. మధ్యలో ఖాళీ వదిలాం కాబట్టి దేన్నీ కదిలించకుండా కూర్చుంది. ముందు సున్నా పెట్టడం మానకండి. విండోస్ 2 తర్వాత 10 అని సరిగ్గానే చూపిస్తుంది గానీ, వేరే కొన్ని సాఫ్ట్‌వేర్లు 10ని 2 కంటే ముందు పెడతాయి. ఏడాది తెలియక ఊరు మాత్రమే తెలిస్తే ఆ ముక్క మధ్యలోని ఏడాది ఒకటి వేసుకోండి. అది మీ సర్దుబాటు కోసమే, ఫోటో కింద రాతలో మాత్రం ఆ ఏడాది రాయకూడదు.

పేర్లు మార్చాక ఫోల్డర్‌ను Sort by, Name అని పెట్టి, పవర్‌పాయింట్‌లో Insert కింద Photo Album నుంచి అన్నీ ఒకేసారి తెచ్చుకోండి. Create నొక్కే ముందు అక్కడి జాబితాలో మొదటి ఫోటో, చివరి ఫోటో సరైనవేనా చూడండి. ఒకటీ అరా తప్పితే పక్కనే ఉన్న బాణాలతో జరపవచ్చు.

ఫోటో కింద రాసిన మాటను సభలో ఎవరో తప్పు పడుతున్నారు

మన కర్నూలు వైపు ఇది తరచూ జరిగేది. డోన్ ఇప్పుడు నంద్యాల జిల్లా. కానీ ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న వచ్చింది. మన సార్ డోన్‌లో ఉన్నంత కాలం అది కర్నూలు జిల్లానే. 2008 ఫోటో కింద "డోన్, నంద్యాల జిల్లా" అని రాస్తే అప్పుడు అక్కడ పని చేసినవాళ్లకు వెంటనే గుచ్చుకుంటుంది. అనంతపురం వైపు హిందూపురం, పెనుకొండలకూ ఇదే వర్తిస్తుంది. 2022కు ముందు ఫోటో అయితే శ్రీ సత్యసాయి జిల్లా అని రాయకూడదు. జిల్లా పేరు వదిలేసి ఊరు, ఏడాది రాయడం నయం. ఏడాది గట్టిగా తెలియకపోతే "పత్తికొండ రోజులు" అంటే సరిపోతుంది. అది చూసి ఎవరూ తప్పు పట్టరు, పైగా ఆ ఊరివాళ్లు తామే ఏడాది చెబుతారు.

మొదటి ఇరవై ఏళ్లు నిమిషంలో అయిపోతున్నాయి

ఇది వరుస కుదిరాకే బయటపడే సమస్య. మన సార్‌కు వచ్చిన 74 ఫోటోల్లో ఆలూరివి 5, పత్తికొండవి 7, డోన్‌వి 11, కర్నూలువి 51. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక తీసినవే ఎక్కువ. అన్నిటికీ ఒకే సమయం ఇస్తే కర్నూలు ఒక్కటే సభను తినేస్తుంది. కర్నూలువి 22కు తగ్గించాం, ఒక్కోదానికి 4 సెకన్లు. డోన్ 11 ఫోటోలకు ఆరు సెకన్ల చొప్పున, మొదటి రెండు ఊళ్ల 12 ఫోటోలకు పది సెకన్ల చొప్పున. మొత్తం నాలుగున్నర నిమిషాలు వచ్చింది. పాత ఫోటోల్లో జనం ముఖాలు వెతుక్కుంటారు, దానికి ఆ పది సెకన్లు కావాలి.

మొదటి స్లైడులో కాలరేఖ కూడా ఏళ్ల లెక్కతోనే గీయండి. నాలుగు ముక్కలూ సమానంగా గీస్తే ఎక్కడ ఎక్కువ కాలం ఉన్నారో తెలియదు. ఏడాదికి అర సెంటీమీటరు అనుకుంటే 36 ఏళ్లకు 18 సెంటీమీటర్ల గీత. ఆలూరు 3.5, పత్తికొండ 4, డోన్ 4.5, కర్నూలు 6. స్లైడు వెడల్పు దాదాపు 34 సెంటీమీటర్లు కాబట్టి హాయిగా పడుతుంది. గీత పొడవును Shape Format కింద Width గడిలో అంకెతో కొట్టండి, కంటి అంచనాతో లాగకండి. కాలరేఖ మీద ఊరు, ఏళ్లు తప్ప ఇంకేమీ వద్దు. హోదాలు, అవార్డులు ఫోటోల కింద రాసుకోవచ్చు.

మిగతావి

తెలుగు అక్షరాలు సభలోని కంప్యూటర్‌లో పిచ్చి గీతలుగా వస్తే, డీటీపీ వాళ్ల పాత ఫాంటుతో టైపు చేసి ఉంటారు. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసి నిర్మల లేదా గౌతమి ఫాంటు పెట్టండి. ఫోటో మసకగా ఉంటే పంపినవాళ్లను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా మళ్లీ పంపమనండి. పాట రాకపోతే ముందు స్పీకరు వైరు చూడండి. ఫైలే పాడైపోవడం నేను ఒకటి రెండుసార్లే చూశాను, దాని గురించి టెన్షన్ వద్దు, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఫోనులో ఒక కాపీ పెట్టుకోండి.

సభకు ఒక రోజు ముందు, సార్‌తో ప్రతి ఊళ్లోనూ పని చేసిన ఒక్కొక్కరికి ఆ ఊరి స్లైడ్లు మాత్రమే ఫోనులో పంపి చూపించండి. మన లెక్కల సార్ పనిలో పత్తికొండలో ఆయనతో పని చేసిన మేడమ్ ఒకరు చూసి, "మూడోది మా బడి కాదు నాయనా, ఆ వేపచెట్టు మా దగ్గర లేదు" అన్నారు. అది ఆలూరు ఫోటో. `1998-010` అన్న పేరును `1994-010` అని మార్చి, ఆల్బం మళ్లీ చేశాం.