బాకీ గుర్తుచేసే మెయిల్ మళ్లీ పంపే ముందు జాగ్రత్తలు

వరంగల్ కొత్తవాడలో మా జంపఖానాల షాపు నుంచి పోయిన నెల వెళ్లిన మెయిల్ సబ్జెక్ట్ "URGENT!!! PAYMENT PENDING". కరీంనగర్ డీలర్ స్పామ్ అనుకొని తెరవలేదు. ఆయన్ని ఏమంటాం? మోసగాళ్లూ అట్లనే రాస్తారు.

☐ బిల్లు నంబర్ ముందుండాలి. ఫోన్‌లో సబ్జెక్ట్ మొదటి ముప్పై, నలభై అక్షరాలే కనిపిస్తాయి. "గౌరవనీయులైన" అని మొదలుపెడితే అసలు సంగతి తెగిపోతుంది. మేం ఇట్ల మార్చాం: "బిల్లు 214: రూ.18,500, గడువు జూన్ 10". అది తన బిల్లే అని డీలర్‌కు తెరవకముందే తెలుస్తుంది. షాపు పేరు సబ్జెక్ట్‌లో అక్కర్లేదు, పంపేవారి పేరు దగ్గర ఉండాలి. అక్కడ ఉత్త "accounts" అని ఉంటే ఎవరు నమ్ముతారు?

☐ గడువు దాటకముందే "చివరి హెచ్చరిక" అనొద్దు.

☐ కొత్త మెయిల్‌కు ఉత్తగనే Re: తగిలించొద్దు. పాత బిల్లు మెయిల్‌కే రిప్లై ఇస్తుంటే సబ్జెక్ట్ ముట్టుకోవద్దు. మారిస్తే జీమెయిల్‌లో అది విడిపోయి, పాత బిల్లు వేరేచోట ఉండిపోతుంది.

☐ ముందు మీ సొంత జీమెయిల్‌కు పంపి ఫోన్‌లో చూడండి. అప్పుడూ స్పామ్‌లోనే పడితే తప్పు సబ్జెక్ట్‌ది కాకపోవచ్చు. డొమైన్ చూసే అబ్బాయితో, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే SPF, DKIM సెట్టింగులు చెక్ చేయించండి.